ఆ యాడ్ లేకపోయినా ఆ ఆర్డర్ వచ్చేదా?

డిజిటల్ మార్కెటింగ్ ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగే వైపు కూర్చోవడం నా ఉద్యోగంలో ఒక భాగం. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లు, ఏజెన్సీల్లో రెండు మూడేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు, ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు, అందరూ వస్తారు. సీటీఆర్ అంటే ఏంటి, సీపీసీ అంటే ఏంటి అని అడిగితే టకటకా చెప్పేస్తారు, అందులో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది తర్వాతి ప్రశ్న దగ్గర మొదలవుతుంది. "సరే, ఈ క్యాంపెయిన్ పనిచేసిందా లేదా?" అంటే చాలామంది మళ్లీ ఆ నంబర్లే చదువుతారు, సీటీఆర్ బాగుంది సార్, రోయాస్ 3.6 ఉంది సార్, అంటే పనిచేసినట్టే కదా సార్ అని.

కాదు. నా వాదన ఒక్కటే, యాడ్ పనిచేసిందో లేదో తేల్చేది "యాడ్ చూసి ఎన్ని ఆర్డర్లు వచ్చాయి" అన్న ప్రశ్న కాదు, "యాడ్ లేకపోతే వీటిలో ఎన్ని ఆగిపోయేవి" అన్న ప్రశ్న. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలో కంపెనీల డబ్బు చాలా పోతోంది. ఇంటర్వ్యూల్లో ఫుల్‌ఫారాలు అడిగే బదులు దీన్ని అడగాలని, ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు కూడా దీనికి సిద్ధమవ్వాలని నా గట్టి నమ్మకం. అందుకే నేను ఇంటర్వ్యూల్లో ఇచ్చే కేసు ఒకటి మొత్తం ఇక్కడ విప్పి చెప్తాను. అంకెలు నేను కల్పించినవే, లెక్క సులువుగా ఉండటానికి గుండ్రంగా పెట్టాను.

ఆన్‌లైన్‌లో ఊరగాయలు అమ్మే షాపు ఒకటి అనుకోండి. ఆవకాయ, గోంగూర, మాగాయ, ఉసిరి, ఇలా. సొంత వెబ్‌సైట్ ఉంది. నెలకి లక్ష రూపాయలు గూగుల్ సెర్చ్ యాడ్స్ మీద పెడుతున్నారు. నెలాఖరున డ్యాష్‌బోర్డ్ చూస్తే యాడ్ 2,10,000 సార్లు కనిపించింది, 7,500 క్లిక్కులు వచ్చాయి, 400 ఆర్డర్లు వచ్చాయి. ఒక్కో ఆర్డరు సగటున ₹900, అంటే యాడ్స్ ద్వారా వచ్చిన అమ్మకం ₹3,60,000.

ఇక్కడి నుంచి మెట్రిక్స్ వరసగా వస్తాయి. కనిపించినవాటిలో ఎన్నిసార్లు నొక్కారు అన్నది సీటీఆర్, ఇక్కడ దాదాపు 3.6 శాతం. లక్షని 7,500తో భాగిస్తే ఒక్కో క్లిక్కుకి పడింది ₹13 పైన, అది సీపీసీ. నొక్కినవాళ్లలో కొన్నవాళ్లు 5.3 శాతం, అది కన్వర్షన్ రేటు. ఒక్కో ఆర్డరు తెచ్చుకోవడానికి అయిన ఖర్చు ₹250, అది సీపీఏ. పెట్టిన ప్రతి రూపాయికి వచ్చిన అమ్మకం 3.6 రూపాయలు, అది రోయాస్. ఇవన్నీ ఒకే గొలుసు, ఏది మారినా పక్కది కదులుతుంది, కాబట్టి విడివిడిగా బట్టీ పట్టే అవసరమే లేదు, ఒక నెల లెక్క చేతిలో పెట్టుకుని పై నుంచి కిందకి నాలుగుసార్లు వేస్తే చాలు.

ఇప్పుడు నేను అడిగేది, ఈ 3.6 మంచిదా చెడ్డదా? దీనికి సమాధానం డ్యాష్‌బోర్డులో లేదు. ₹900 ఆర్డరులో మామిడికాయ, నూనె, కారం, సీసా, డబ్బా, కొరియర్, పేమెంట్ గేట్‌వే వాడు తీసుకునేది, ఇవన్నీ పోగా షాపుకి మిగిలేది ఎంత అన్నది తెలియాలి. ₹360 మిగులుతుంది అనుకుందాం, అంటే 40 శాతం. అప్పుడు యాడ్ ఖర్చు అంతకంతకు తిరిగి రావాలంటే రోయాస్ కనీసం 2.5 ఉండాలి, ఒకటిని 0.40తో భాగిస్తే వచ్చేది అదే. మార్జిన్ 20 శాతమే ఉన్న షాపుకి అదే గీత 5 దగ్గర ఉంటుంది, అప్పుడు ఇదే 3.6 నష్టం. రోయాస్ చెప్పగానే "మార్జిన్ ఎంత సార్?" అని ఎదురు అడిగే క్యాండిడేట్ అంటే నాకు అక్కడే సగం నమ్మకం వచ్చేస్తుంది.

మన షాపు విషయంలో గీత 2.5, మన రోయాస్ 3.6, 400 ఆర్డర్ల మీద ₹1,44,000 మిగిలింది, యాడ్‌కి లక్ష పోయింది, ₹44,000 లాభం. చాలా ఆఫీసుల్లో రిపోర్టు ఇక్కడ ముగుస్తుంది, వచ్చే నెల బడ్జెట్ పెంచుదాం అని మీటింగ్ కూడా అయిపోతుంది.

ఇప్పుడు ఆ లక్షని రెండు ముక్కలు చేసి చూడండి. అందులో ₹20,000 షాపు పేరు టైప్ చేసి వెతికినవాళ్లకి చూపించిన యాడ్‌కి పోయింది. దీన్ని బ్రాండ్ కీవర్డ్ అంటారు. 10,000 సార్లు కనిపించింది, 2,500 మంది నొక్కారు, 300 ఆర్డర్లు. రోయాస్ 13.5! మిగతా ₹80,000 "avakaya online", "గోంగూర పచ్చడి", "mango pickle home delivery" లాంటి మాటలకి పోయింది, షాపు పేరు తెలియనివాళ్లు వెతికేవి. 2,00,000 సార్లు కనిపించింది, 5,000 క్లిక్కులు, 100 ఆర్డర్లే. రోయాస్ 1.1 పైన కొంచెం.

ఈ రెండు ముక్కలు చూపించి "ఏది ఆపేస్తావు?" అంటే దాదాపు ప్రతి ఒక్కరూ రెండోది ఆపేసి ఆ డబ్బు మొదటిదానికి మార్చేస్తాం అంటారు. అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆ మొదటి 300 మంది ఎవరో ఆలోచించండి. షాపు పేరు వాళ్లకి ముందే తెలుసు. పేరు టైప్ చేశారు. ఫలితాల్లో పైన యాడ్ ఉంది, సరిగ్గా దాని కిందే అదే షాపు మామూలు లింకు ఉచితంగా ఉంది. పైది దగ్గరగా ఉంది కాబట్టి పైది నొక్కారు. బస్టాండులో విజయవాడ బస్సు ఎక్కడానికే వచ్చినవాళ్లని గేటు దగ్గర "విజయవాడ, విజయవాడ" అని పిలిచి, బస్సు నిండాక అందరినీ నేనే ఎక్కించాను అని కమిషన్ అడిగినట్టు ఉంటుంది ఇది.

ఇది ఊహ కాదు, కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 2012లో ఆన్‌లైన్‌లో వస్తువులు కొని అమ్ముకునే సైటు నడిపే ఈబే కంపెనీలో థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు ఈ పని చేశారు, ఆ పేపర్ 2015లో ఎకనొమెట్రికా జర్నల్‌లో వచ్చింది. అప్పట్లో ఈబే సెర్చ్ యాడ్స్ మీద విపరీతంగా ఖర్చు పెట్టేది. వీళ్లు ముందుగా యాహూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజన్లలో "ebay" అన్న మాట ఉన్న యాడ్స్ ఆపేశారు, గూగుల్‌లో మాత్రం అలాగే ఉంచి పోల్చి చూశారు. పోయిన యాడ్ క్లిక్కుల్లో 99.5 శాతం ఉచిత లింకు ద్వారా తిరిగి వచ్చేశాయి. అంటే ఆ యాడ్‌కి కట్టిన డబ్బంతా దాదాపుగా ఎలాగూ వచ్చేవాళ్ల కోసం కట్టినదే.

తర్వాత ఇంకో అడుగు వేశారు. పేరు లేని మామూలు కీవర్డ్ యాడ్స్‌ని అమెరికాలో దాదాపు 30 శాతం ప్రాంతాల్లో 60 రోజులు ఆపి, మిగతా ప్రాంతాల్లో నడిపి అమ్మకాలు పోల్చారు. తేడా 0.66 శాతం, అది కూడా సున్నా కాదని గట్టిగా చెప్పలేనంత చిన్నది. పాత పద్ధతిలో, అంటే యాడ్ ఖర్చు పెరిగినప్పుడు అమ్మకం ఎంత పెరిగింది అని ఊరికే లెక్కగడితే, పెట్టుబడి మీద రాబడి వెయ్యి శాతం పైనే కనిపించింది, ప్రయోగంలో మాత్రం అది మైనస్ 63 శాతం అని తేలింది. అదే డేటా, అదే కంపెనీ. ఇంత తేడా ఎందుకంటే జనం కొనాలనుకున్నప్పుడే వెతుకుతారు, వెతికినప్పుడే యాడ్ కనిపిస్తుంది, కాబట్టి యాడ్ ఖర్చూ అమ్మకమూ కలిసే పెరుగుతాయి, ఒకటి ఇంకోదానికి కారణం కాకపోయినా సరే.

అయితే ఆ పేపర్లో ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది వదిలేసి "యాడ్స్ దండగ" అని ప్రచారం చేస్తారు, అది అన్యాయం. ఈబేలో ఎప్పుడూ కొననివాళ్ల మీద, చాలాకాలంగా కొననివాళ్ల మీద ఆ యాడ్స్ నిజంగానే పనిచేశాయి. తరచుగా కొనేవాళ్ల మీద మాత్రం పనిచేయలేదు, ఖర్చులో ఎక్కువ భాగం పోయిందేమో వాళ్ల క్లిక్కులకే. అంటే యాడ్ తెలియనివాళ్లకి తెలియజేసినప్పుడు పనిచేస్తుంది, ముందే తెలిసినవాళ్లకి మళ్లీ చెప్పినందుకు బిల్లు మాత్రమే వస్తుంది.

దీన్ని మన ఊరగాయల షాపుకి పట్టుకురండి. బ్రాండ్ యాడ్ ఆపితే 300లో 270 ఆర్డర్లు ఉచిత లింకు ద్వారా వచ్చేస్తాయి అనుకుందాం, ఈబే కంటే ఇది చాలా తక్కువ అంచనాయే. అంటే యాడ్ నిజంగా తెచ్చినవి 30 ఆర్డర్లు, వాటి మీద మిగిలేది ₹10,800, ఖర్చు ₹20,000. రోయాస్ 13.5 అని మెరిసిన ముక్క నష్టంలో ఉంది. రెండో ముక్కలో 100 ఆర్డర్లూ నిజంగా కొత్తవే అనుకున్నా మిగిలేది ₹36,000, ఖర్చు ₹80,000. మొత్తం కలిపితే ₹46,800 కోసం లక్ష ఖర్చు పెట్టారు. డ్యాష్‌బోర్డు ₹44,000 లాభం అన్న చోట నిజానికి ₹53,200 నష్టం.

ఇక్కడ ఆగితే కూడా తప్పే. ఆ రెండో ముక్కలోని 100 మంది కొత్తవాళ్లు. ఊరగాయ ఒకసారి నచ్చితే జనం మళ్లీ అదే చోట తెప్పించుకుంటారు. ఆ ఏడాదిలో ఒక్కొక్కరూ సగటున ఇంకో రెండుసార్లు ఆర్డర్ చేస్తే, 100 మంది మీద మిగిలేది ₹1,08,000 అవుతుంది, పెట్టిన ₹80,000 దాటిపోతుంది. అంటే అందరూ ఆపేద్దాం అన్న ముక్కే అసలు పనికొచ్చేది కావచ్చు. కావచ్చు అనే అంటున్నా, ఎందుకంటే రెండుసార్లు అన్నది షాపు ఆర్డర్ల పుస్తకంలో ఫోన్ నంబర్ల వారీగా చూసి తేల్చాల్సిన విషయం, ఊహించి రాసుకునేది కాదు. నేను చూసిన మంచి క్యాండిడేట్లలో ఒకమ్మాయి ఇక్కడికి రాగానే "సార్, కిందటేడు మొదటిసారి కొన్నవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారో లిస్టు ఇస్తారా?" అని అడిగింది. సరిగ్గా అదే కావాలి.

ఇప్పుడు ఎస్ఈవో సంగతి, అంటే యాడ్‌కి డబ్బు కట్టకుండా సైటు వెతుకులాట ఫలితాల్లో పైన కనిపించేలా చేసుకోవడం, దీన్ని విడి సబ్జెక్టులా నేర్పిస్తారు గానీ నా దృష్టిలో పై లెక్క నిలబడేదే దీని మీద. బ్రాండ్ యాడ్ ఆపితే జనం కింది లింకు నొక్కుతారు అన్నాం కదా, ఆ కింది లింకు అక్కడ ఉంటేనే కదా! అది ఉండాలంటే మూడు జరగాలి. గూగుల్‌బాట్, అంటే సైట్లు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రాం, పేజీ దగ్గరికి వచ్చి చదవగలగాలి, దాన్ని క్రాలింగ్ అంటారు. చదివింది గూగుల్ తన దగ్గర దాచుకోవాలి, అది ఇండెక్సింగ్. ఎవరైనా వెతికినప్పుడు ఆ దాచుకున్నవాటిలో దీన్ని పైన చూపించాలి, అది ర్యాంకింగ్. చాలామంది మూడోదాని గురించే గంటలు మాట్లాడతారు, చిన్న షాపుల్లో మునిగేది మాత్రం ఎక్కువగా మొదటి రెండింటి దగ్గరే.

సైటు కొత్తగా డిజైన్ చేయిస్తున్నప్పుడు, సగం కట్టిన సైటు గూగుల్‌లో కనపడకూడదని డెవలపర్లు robots.txt ఫైల్లో ఇది పెడతారు:

```
User-agent: *
Disallow: /
```

అంటే బాట్లు ఎవరూ లోపలికి రావద్దని. లేకపోతే ప్రతి పేజీలోనూ ఇది పెడతారు:

```
<meta name="robots" content="noindex">
```

అంటే వచ్చి చదువుకో, కానీ దాచుకోకు అని. సైటు లాంచ్ అయ్యాక ఇవి తీయడం మర్చిపోతే షాపు మెల్లగా గూగుల్ నుంచి మాయమవుతుంది, యాడ్స్ నడుస్తున్నాయి కాబట్టి ఆర్డర్లు వస్తూనే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. ఇంకో చిక్కు ఉంది, ఇది ఇంటర్వ్యూల్లో అడగదగ్గ ప్రశ్న. రెండూ ఒకేసారి పెడితే ఏమవుతుంది? robots.txt ఆపేసింది కాబట్టి బాట్ పేజీ లోపలికి రాదు, రాలేదు కాబట్టి noindex చూడదు, బయట ఎవరైనా ఆ పేజీకి లింకు ఇచ్చి ఉంటే ఆ అడ్రసు వివరం లేకుండా ఫలితాల్లో కనిపించొచ్చు కూడా. కాబట్టి పేజీని ఫలితాల్లోంచి తీయాలంటే బాట్‌ని లోపలికి రానిచ్చి noindex చూపించాలి.

ఇవి తెలుసుకోవడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ చాలు, అది ఉచితం. పేజీ అడ్రసు అందులో ఇస్తే ఇండెక్సులో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెప్తుంది. ఇంకా, జనం ఏ మాటలు టైప్ చేసినప్పుడు మన సైటు కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నది 16 నెలల దాకా చూపిస్తుంది. మన తెలుగువాళ్ల విషయంలో ఆ లిస్టు చూడటం చాలా అవసరం, ఎందుకంటే ఒకే పచ్చడిని ఒకరు "ఆవకాయ" అని తెలుగులో, ఒకరు "avakaya" అని, ఇంకొకరు "aavakaya pachadi" అని, మరొకరు "andhra mango pickle" అని కొడతారు. షాపు పేజీ టైటిల్‌లో "మామిడి ఊరగాయ 500 గ్రా" అని మాత్రమే ఉంటే, జనం నిజంగా కొట్టే మాట పేజీ మీద ఎక్కడా లేకుండా పోతుంది. లిస్టు చూసి, ఎక్కువమంది కొట్టే మాటని టైటిల్‌లోకి, మిగతావాటిని వివరణలోకి సహజంగా వచ్చేలా రాస్తే సరిపోతుంది, ఒకే మాటని ఇరవైసార్లు కుక్కాల్సిన పనిలేదు, కుక్కితే గూగుల్ దాన్ని స్పామ్ కింద చూస్తుంది.

కాబట్టి బ్రాండ్ యాడ్ ఆపే ముందు రెండు చూడాలి. ఒకటి, సెర్చ్ కన్సోల్లో షాపు పేరుతో ఫిల్టర్ పెట్టి సగటు స్థానం 1 దగ్గర ఉందా లేదా. రెండు, మన పేరు మీద వేరేవాళ్లు యాడ్ వేస్తున్నారా, ఇది గూగుల్ యాడ్స్‌లో ఆక్షన్ ఇన్‌సైట్స్ రిపోర్టులో కనిపిస్తుంది. వేస్తుంటే కథ మారుతుంది, మనం ఖాళీ చేసిన చోటులో పోటీవాడు కూర్చుంటాడు, 270 కాస్తా 200 కావచ్చు. ఈబే ఫలితాన్ని గుడ్డిగా చిన్న షాపులకి అంటించొద్దు అనేది ఇందుకే, అందరికీ తెలిసిన పేరు వేరు, నిన్నగాక మొన్న మొదలైన షాపు వేరు.

సరే, బ్రాండ్‌దే కాదు, యాడ్స్ మొత్తం ఆపి చూద్దాం అనుకున్నాం. ఎలా? ఏప్రిల్లో యాడ్ ఆపి, మార్చితో పోలుద్దాం అంటారు చాలామంది. ఊరగాయల వ్యాపారంలో ఇంతకంటే చెడ్డ పద్ధతి లేదు. ఏప్రిల్, మే అంటే కొత్తావకాయ రోజులు, యాడ్ ఉన్నా లేకపోయినా అమ్మకం పెరుగుతుంది. ఆపినా పెరిగింది కాబట్టి యాడ్ దండగ అనేస్తారు, అదే జూలైలో యాడ్ మొదలుపెట్టినవాళ్లు పడిపోయింది కాబట్టి యాడ్ చెడ్డది అనేస్తారు. రెండూ సీజన్ చేసిన పనులే.

అందుకని ఒకే సమయంలో కొన్ని ఊళ్లలో ఆపి కొన్ని ఊళ్లలో నడపాలి. విశాఖ, గుంటూరు, వరంగల్, కర్నూలు ఒక వైపు, అక్కడ ఆపేశాం. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, కరీంనగర్ ఇంకో వైపు, అక్కడ నడుస్తోంది. ముందు నాలుగు వారాల్లో ఆపిన వైపు 400 ఆర్డర్లు, నడిచిన వైపు 600, ఇవి యాడ్ ఆర్డర్లు మాత్రమే కాదు, షాపుకి వచ్చిన మొత్తం ఆర్డర్లు, డ్యాష్‌బోర్డు నుంచి కాకుండా షాపు పుస్తకం నుంచే తీయాలి. తర్వాతి నాలుగు వారాల్లో నడిచిన వైపు 780 వచ్చాయి, అంటే సీజన్ వల్ల 30 శాతం పెరిగింది. ఆపిన వైపు కూడా అలాగే పెరిగి ఉంటే 520 రావాలి. వచ్చినవి 468. తగ్గిన 52 ఆర్డర్లే ఆ వైపు యాడ్ నిజంగా తెస్తున్నవి. వాటి మీద మిగిలేది ₹18,720. ఆ వైపు యాడ్‌కి పెడుతున్నది ₹40,000. కాబట్టి ఆపితేనే మేలు అని చెప్పాలనిపిస్తుంది.

ఇక్కడే నేను క్యాండిడేట్‌ని ఆపి "52 మీద ఎంత నమ్మకం?" అని అడుగుతాను. ఎందుకంటే ఏ ఊర్లోనైనా ఆర్డర్లు నెల నెలకీ ఊరికే ఊగుతాయి, పెళ్లిళ్లు, జీతాలు, కొరియర్ ఆలస్యాలు, ఏమీ లేకపోయినా కూడా. ఇన్ని వందల ఆర్డర్ల దగ్గర ఆ ఊగుడు లెక్కగడితే అసలు తగ్గుదల ఏమీ లేకపోవడం నుంచి దాదాపు 140 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ఖర్చు తిరిగి రావాలంటే కావలసింది 111 ఆర్డర్లు, ₹40,000ని ₹360తో భాగిస్తే వచ్చేది. ఆ 111 కూడా ఈ పరిధిలోపలే ఉంది. అంటే నాలుగు వారాల ప్రయోగం ఈ షాపుకి ఇంకా ఏమీ తేల్చలేదు, ఆపడం వైపు మొగ్గు ఉంది అంతే. ఇంకో రెండు నెలలు నడపాలి. దీన్ని ధైర్యంగా చెప్పగలగడం నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే ఆఫీసులో పైవాళ్లు ఒక్క నంబరు చెప్పు అని ఒత్తిడి చేస్తారు, అప్పుడు 52 అని చెప్పేసి బడ్జెట్లు మార్చేసేవాళ్లే ఎక్కువ.

ఈ ప్రయోగంలో చెడగొట్టే చిన్న విషయాలు కూడా ఉన్నాయి. గూగుల్ యాడ్స్‌లో లొకేషన్ సెట్టింగ్ మామూలుగా ఆ ఊర్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లని కూడా కలుపుతుంది, దాన్ని ఊర్లో ఉన్నవాళ్లకి మాత్రమే అని మార్చకపోతే గుంటూరులో ఉన్న మనిషి హైదరాబాద్ గురించి వెతికినందుకు అతనికి యాడ్ వెళ్లిపోవచ్చు. ఫోన్ ఎక్కడుందో గూగుల్ ప్రతిసారీ సరిగ్గా పట్టలేదు కూడా, అందుకే పక్కపక్క ఊళ్లని వేరే వేరే వైపు పెట్టకపోవడం మంచిది, ఆ లెక్కన నేను పైన గుంటూరునీ విజయవాడనీ విడదీసింది కూడా అంత మంచి విభజన కాదు, నిజంగా చేసేటప్పుడు రెండింటినీ ఒకే వైపు పెట్టండి. ఇంకోటి మన దగ్గర బాగా జరిగేది, డల్లాస్‌లో ఉన్న కొడుకు వరంగల్‌లో అమ్మకి ఆర్డర్ పెడతాడు, బెంగళూరులో ఉన్న అమ్మాయి కర్నూలుకి పంపిస్తుంది. డెలివరీ పిన్‌కోడ్ చూస్తే అది ఆపిన వైపు ఆర్డరు, యాడ్ చూసిన మనిషి మాత్రం అక్కడ లేడు. బిల్లింగ్ అడ్రసు, డెలివరీ అడ్రసు వేరుగా ఉన్న ఆర్డర్లని పక్కకి తీసి లెక్కపెట్టాలి. అలాగే ప్రయోగానికి ముందు, రెండు వైపులా యాడ్స్ నడుస్తున్న పాత నెలలు తీసుకుని ఇదే లెక్క వేసి చూడాలి. ఏమీ ఆపకపోయినా 60 తేడా వస్తోందంటే ఆ ఊళ్ల విభజన పనికిరాదు, మార్చుకోవాలి.

బ్రాండ్ యాడ్ ఒక్కటే పరీక్షించడం దీనికంటే చాలా తేలిక. అక్కడ ఆర్డర్ల కోసం నెలలు ఆగక్కర్లేదు, క్లిక్కులు చూస్తే చాలు, అవి వేలల్లో ఉంటాయి కాబట్టి ఊగుడు తక్కువగా ఉంటుంది. గూగుల్ యాడ్స్‌కి సెర్చ్ కన్సోల్‌ని లింక్ చేస్తే షాపు పేరు మీద యాడ్ క్లిక్కులూ ఉచిత క్లిక్కులూ పక్కపక్కన ఒకే రిపోర్టులో వస్తాయి. యాడ్ ఆపాక యాడ్ క్లిక్కులు ఎన్ని పోయాయి, ఉచితవి ఎన్ని పెరిగాయి, రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. ఇంకా భయంగా ఉంటే పూర్తిగా ఆపకుండా వారం మార్చి వారం ఆపి చూసినా ఒక అంచనా వస్తుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. అక్కడ మెటా మామూలుగా యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు, లేదా నొక్కకుండా చూసిన ఒక రోజులోపు కొన్న ఆర్డర్లని తన ఖాతాలో వేసుకుంటుంది. అదే ఆర్డర్‌ని గూగుల్ యాడ్స్ కూడా తన ఖాతాలో వేసుకుని ఉండొచ్చు. రెండు డ్యాష్‌బోర్డుల ఆర్డర్లు కూడి చూడండి, షాపుకి వచ్చిన మొత్తం ఆర్డర్ల కంటే ఎక్కువ వచ్చే నెలలు ఉంటాయి. అందులో కూడా రీటార్గెటింగ్ యాడ్స్, అంటే కార్టులో ఆవకాయ పెట్టి వెళ్లిపోయినవాళ్లని వెంటాడేవి, అచ్చం బ్రాండ్ కీవర్డ్ లాంటివే, రోయాస్ ఆకాశంలో ఉంటుంది, కొనబోతున్నవాళ్లనే ఏరుకుని చూపిస్తాయి కాబట్టి. వాటిని కూడా ఆపి చూడకుండా నమ్మొద్దు.

కాబట్టి ఆ షాపు యజమాని ఎదురుగా కూర్చుని "ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అంటే నేను వినాలనుకునే సమాధానం ఇలా ఉంటుంది. ముందు షాపు పేరుతో వెతికి ఉచిత లింకు మొదటి స్థానంలో ఉందో లేదో చూసుకుందాం, ఉంటే, పోటీవాళ్లెవరూ లేకపోతే, ఈ వారమే సగం ఊళ్లలో బ్రాండ్ యాడ్ ఆపేద్దాం. "avakaya online" లాంటి మాటల యాడ్స్ ఇప్పుడే ముట్టుకోవద్దు, కిందటేడు యాడ్ ద్వారా మొదటిసారి కొన్నవాళ్ల ఫోన్ నంబర్ల లిస్టు ఇవ్వండి, వాళ్లు ఎన్నిసార్లు తిరిగొచ్చారో చూశాక వాటి సంగతి చెప్తాను.